నేను దిద్ది చెప్పని తప్పులు

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఒక చెప్పుల షాపు పైన, రెండో అంతస్తులో ఉండేది మా ఆఫీసు. మెట్లు ఎక్కుతుంటే గోడల నిండా కోచింగ్ సెంటర్ల పోస్టర్లే. బ్యాంకు పరీక్షలు, కంప్యూటర్ కోర్సులు, ముప్పై రోజుల్లో ఇంగ్లీషు. మేము చేసేదేంటో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా అర్థమయ్యేది కాదు. అమెరికాలో ఒక డాక్టరు రోగిని చూసి, చూసిందంతా ఫోన్లో గడగడా చెప్పి పడేస్తాడు. ఆ గొంతు ఫైలుగా మా దగ్గరికి వస్తుంది. మేము చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కాలి కింద పెడల్ నొక్కి గొంతును ముందుకూ వెనక్కీ జరుపుకుంటూ, వాడన్నది అన్నట్టు టైపు చేసి పంపాలి. అదే ఆ రోగి రికార్డు. మా అత్తగారు మాత్రం చివరిదాకా నేను ఏదో ఆస్పత్రిలో పనిచేస్తున్నాననే చుట్టాలకు చెప్పుకుంది. నేనూ దిద్దలేదు. దిద్దకుండా ఊరుకోవడం నాకు బాగా అలవాటని మీకు ముందు ముందు తెలుస్తుంది.

నేను టైపు చేసే మెట్టు దాటి ఎడిటర్‌నయ్యాను. కొత్తవాళ్ళు టైపు చేసిన ఫైలును నేను గొంతుతో పాటు మళ్ళీ విని, తప్పులు సరిచేసి, పంపించాలి. ఒక్కో ఫైలుకు ఒక షీటు ఉంటుంది. అందులో ఎక్కడ ఏ తప్పు పోయిందో, అది పెద్దదో చిన్నదో రాసి, టైపు చేసినవాళ్ళకు తిరిగి ఇవ్వాలి. ఆ షీట్లు చూసే మేనేజరు ఎవరికి పని వచ్చిందో తేలుస్తాడు. పని వచ్చినవాళ్ళు డైరెక్టు. అంటే వాళ్ళ ఫైళ్ళు మా కళ్ళ కింద నుంచి పోకుండా సూటిగా అమెరికాకే పోతాయన్నమాట. డైరెక్టయితే ఉద్యోగం ఖాయమయినట్టు, కాగితం చేతికొస్తుంది. కాకపోతే ఎప్పుడు పొమ్మంటారో తెలియదు.

ఆ అమ్మాయి మా దగ్గర చేరింది తెలంగాణ ఉద్యమం మంచి వేడి మీదున్న రోజుల్లో. వాళ్ళది పోచంపల్లి వైపు. అమ్మ చీరల నూలుకు ఆసు పోసేది, నాన్న మగ్గం మీద కూర్చునేవాడు. మగ్గం నడవడం కష్టమై అల్మాస్‌గూడకు వచ్చి, నాన్న కొత్తపేటలో ఒక చీరల షాపులో మడతలు పెట్టే పనిలో చేరాడు. అమ్మాయి తెలుగు మీడియం డిగ్రీ. కింద వీధిలోని ఒక సెంటర్లో ఆరు నెలలు మెడికల్ మాటలు నేర్చుకుని వచ్చింది. ఆ నేర్చుకోవడం కూడా చెవితోనే. పుస్తకం కొనలేదు. సీడీలు వింటూ, విన్నది రాస్తూ నేర్చుకుంది. రోగాల పేర్లు, మందుల పేర్లు ఠక్కుమని పట్టేసేది. చెవి అంత చురుకైనదాన్ని నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

మాది కృష్ణా జిల్లా. నాన్న ఉద్యోగం మీద వనస్థలిపురం వచ్చాం. నేను హైస్కూలు, కాలేజీ అంతా ఇక్కడే. అయినా నోరు తెరిస్తే నేనెక్కడిదాన్నో తెలిసిపోతుంది. ఆ రోజుల్లో అది మామూలు విషయం కాదు. మా కాలనీలో కొందరు షాపుల బోర్డుల మీద ఆంధ్ర అన్న మాటకు తెల్లరంగు పూశారు. మా ఆయన స్కూటరు నంబరు ప్లేటు మీద ఎవరో నల్లరంగుతో ఏపీ చెరిపి టీజీ అని రాశారు. ఆయన దాన్ని తుడవలేదు. ఎల్బీ నగర్ చౌరస్తాలో రోడ్డు మధ్య పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తుంటే మేము బస్సు దిగి, పక్క సందుల్లోంచి నడిచి వెళ్ళేవాళ్ళం. ఒకరోజు ఒక పెద్దాయన పిలిచి విస్తరాకులో పులిహోర పెట్టాడు. తిన్నాను. బాగుంది. భయమూ ఉంది. రెండూ కలిసే ఉండేవి ఆ రోజుల్లో.

ఆఫీసులో అన్నం తినేటప్పుడు జరిగిందొకటి చెప్పాలి. ఆ అమ్మాయి చేరిన రెండో వారం. "గా ఫైల్ ఇంకా రాలే" అంది ఎవరితోనో. మా వైపు నుంచి వచ్చినామె ఒకామె "గా ఫైల్, గీ ఫైల్" అని సాగదీసి నవ్వింది. ఇంకో ఇద్దరు నవ్వారు. నేను నవ్వలేదు కానీ వాళ్ళను ఏమీ అనలేదు కూడా. ఆ అమ్మాయి డబ్బా మూత పెట్టేసి లేచింది. మర్నాటి నుంచి వారం పాటు మెట్ల మీద కూర్చుని ఒక్కతే తింది. నాకు చాలా బాధగా అనిపించింది. పోయి పక్కన కూర్చున్నాను. నా డబ్బాలోని గోంగూర పచ్చడి పెట్టాను. "అక్కా, మీరు మంచోళ్ళు" అంది. అప్పుడే నేనొక ఒట్టు పెట్టుకున్నాను. ఈ పిల్ల మాటను, రాతను నేను నలుగురిలో ఎన్నడూ తప్పు పట్టకూడదని. ఆ ఒట్టే కొంప ముంచింది.

ఆమె తప్పు మొదటిసారి నాకు తగిలింది ఒక గుండె డాక్టరు ఫైల్లో. డాక్టరు ముసలాయన, అప్పుడే కాఫీ తాగుతున్నట్టు గొంతు. రోగి పూర్తిగా కోలుకున్నాడనీ, ఏ రకంగా చూసినా మామూలు మనిషిలాగే ఉన్నాడనీ చెప్పాలి. దానికి ఇంగ్లీషులో ఒక పడికట్టు మాట ఉంది. ఫర్ ఆల్ ఇంటెంట్స్ అండ్ పర్పసెస్. ఆ అమ్మాయి టైపు చేసింది ఫర్ ఆల్ ఇంటెన్సివ్ పర్పసెస్ అని. నవ్వొచ్చింది. పెడల్ వెనక్కి నొక్కి మళ్ళీ విన్నాను. మూడోసారి విన్నాక నవ్వు పోయింది. నిజంగానే ఇంటెన్సివ్ అన్నట్టే వినిపిస్తోంది.

అందులో వింతేమీ లేదు. కాగితం మీద మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంటుంది, నోట్లో ఉండదు. మనిషి మాట్లాడేదంతా ఒకటే ధార. దాన్ని ఎక్కడ తెంపాలో వినేవాడే తేల్చుకోవాలి. అండ్ అనే మాటను వాళ్ళు ఎవరూ పూర్తిగా అనరు. డ మింగేస్తారు, అ కూడా సగం మింగేస్తారు, మిగిలేది ఒక న్. ఇంటెంట్స్ చివరున్న ట్స్‌కు ఆ న్ అతుక్కుని, వెంటనే పర్పసెస్ వచ్చేసరికి, మధ్యలో ఏముందో చెవికి అందదు. అందనిచోట చెవి ఊరుకోదు. తనకు తెలిసిన మాటను తెచ్చి అక్కడ పెట్టేస్తుంది. పొద్దున లేస్తే ఆస్పత్రి ఫైళ్ళే టైపు చేసే పిల్లకు తెలిసిన మాట ఏది? ఇంటెన్సివ్ కేర్‌లో ఇంటెన్సివే కదా. పైగా అర్థం కూడా కుదిరినట్టే ఉంటుంది. గట్టి ఉద్దేశాలు ఏవో ఉన్నాయిలే అనిపిస్తుంది. కంప్యూటర్లో స్పెల్లింగు చూసే ప్రోగ్రాం ఆ మాట కింద ఎర్రగీత కూడా గీయదు, ఎందుకంటే రెండూ సరైన మాటలే.

అప్పటి నుంచి ఆమె ఫైళ్ళలో ఇలాంటివి కనిపించడం మొదలయింది. లోతుగా పాతుకున్న నొప్పిని డీప్ సీటెడ్ అంటారు. ఆమె డీప్ సీడెడ్ అని రాసేది. అమెరికావాళ్ళు రెండు అచ్చుల మధ్య ట ను డ లాగే పలుకుతారు కాబట్టి వినడానికి రెండూ ఒకటే. విత్తనం నాటినట్టు నొప్పి నాటుకుందని ఆమె అనుకుంది. అనుకోదా మరి? పర్ సే అనే లాటిన్ మాటలో సే ను చెప్పడం అనే సే గా రాసేది. షుడ్ హావ్ ను షుడ్ ఆఫ్ అని రాసేది. ఇవన్నీ అమెరికాలో పుట్టి పెరిగినవాళ్ళు కూడా చేసే తప్పులే. మా క్లయింటు పంపే ఉత్తరాల్లోనే ఒకసారి చూశాను. అచ్చులో ఆ మాటను కంటితో చూసినవాళ్ళు సరిగ్గా రాస్తారు. చెవితోనే నేర్చుకున్నవాళ్ళు చెవి చెప్పింది రాస్తారు.

నాకు మాత్రం ఎక్కువ చెప్పే అర్హత ఏముంది? నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా అక్క పెళ్ళికి శుభలేఖల మీద చుట్టాల పేర్లు రాసే పని నాకిచ్చారు. నాన్న పైకి చదువుతుంటే చిత్తుకాపీ కూడా నేనే రాశాను. "మదర్పిత చందన తాంబూలాలు" అన్న చోట నేను "మదర్, పిత చందన తాంబూలాలు" అని రాశాను. అమ్మానాన్నలు ఇచ్చే తాంబూలాలని అనుకున్నాను, సగం ఇంగ్లీషులో సగం సంస్కృతంలో. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని, నవ్వకుండా, అది నాచేత ఇవ్వబడిన అని అర్థం తల్లీ అని చెప్పి, పెన్సిలుతో కొట్టేసి పైన సరిగ్గా రాశాడు. ఆ కాగితం నాకివ్వు నాన్నా అని అడిగి దాచుకున్నాను కూడా. మళ్ళీ జన్మలో ఆ తప్పు రాయలేదు.

నాన్న నాకు చేసింది నేను ఆ అమ్మాయికి చేయలేదు. ఇంటెన్సివ్‌ను చెరిపి ఇంటెంట్స్ అండ్ అని కొట్టి, ఫైలు పంపించేశాను. షీటులో తప్పుల గడి ఖాళీగా వదిలేశాను. ఇలాంటివి నాలుగు రాసిస్తే, అందులో రెండు మేనేజరు పైకి చదివితే, మావైపావిడ మళ్ళీ నవ్వుతుంది. బయట ఊరంతా మా యాస మీద ఆంధ్రావాళ్ళ పెత్తనమేంటని తిట్టుకుంటుంటే, ఇక్కడ ఒక ఆంధ్రా ఆవిడ ఎర్రపెన్ను పట్టుకుని తెలంగాణ పిల్ల తప్పులు లెక్క పెడుతోందంటారు. ఇదంతా నా తలలో నేను అల్లుకున్న కథ. ఆ తప్పుకూ యాసకూ సంబంధమే లేదు. అయినా రెంటినీ కలిపి ఒకే మూట కట్టుకున్నాను. దాన్ని జాలి అనుకున్నాను.

ఇంకో సంగతి ఉంది. మా పనిలో మొదటి రోజే నేర్పే నియమం, వినపడకపోతే ఊహించకూడదు, ఖాళీ గీత వదలాలి. గీత పక్కన ఎన్నో నిమిషం, ఎన్నో సెకను అని వేస్తే, ఎడిటర్ విని పూరిస్తాడు. గీతలు వదిలితే తప్పు కాదు. ఆ అమ్మాయి మందు పేరు కొంచెం మసకగా వినిపించినా గీత వదిలేది, అంత జాగ్రత్త. ఇంటెన్సివ్ దగ్గర మాత్రం ఎన్నడూ వదలలేదు. ఎందుకు వదులుతుంది? సందేహం వస్తేనే కదా గీత. ఆమెకు ఆ మాట చక్కగా, గంట కొట్టినట్టు వినపడింది. ఇలాంటి తప్పును ఎవరికి వాళ్ళు పట్టుకోలేరు. పక్కనున్న మనిషి చెప్పాల్సిందే. ఆ పక్కనున్న మనిషిని నేను.

ఆరు నెలలు ఇలాగే గడిచింది. బందులు ఎక్కువయ్యాయి. ఖర్చు తగ్గించాలనో, అమెరికాలో ఏమయిందో గానీ, ఒకరోజు మేనేజరు మమ్మల్నందరినీ నిలబెట్టి, నెలాఖరు లోపల డైరెక్టు కానివాళ్ళను పంపించేయక తప్పదని చెప్పాడు. నల్గొండాయన, మంచి మనిషే, చెప్పేటప్పుడు ముఖం నేలకే ఉంది. ఆ అమ్మాయికి మాత్రం నెలాఖరు దాకా ఆగాల్సిన పని లేకపోయింది. బందు రోజుల్లో సగం మంది వచ్చేవాళ్ళం కాదు. ఆమె అల్మాస్‌గూడ నుంచి నడిచి వచ్చేది. చెప్పుల పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకుని వచ్చిన రోజు నాకు గుర్తే. ఎడిటర్లు తక్కువ, ఫైళ్ళు ఎక్కువ. మేనేజరు షీట్లు తీసి చూశాడు. ఆమె షీట్లు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ఆ రోజే డైరెక్టు చేసేశాడు.

ఆమె నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. నాన్నకు అప్పుడే ఫోన్ చేసి చెప్పిందట, షాపులో అందరి ముందూ ఆయన ఏడ్చాడట. ఆ క్షణంలోనైనా చెప్పొచ్చు. ఇదిగో నాలుగైదు మాటలున్నాయి, రాసుకో అంటే ఐదు నిమిషాల పని. చెప్పలేదు. ఆ సంతోషాన్ని పాడుచేయడం ఇష్టం లేక, రేపు చెబుదాంలే అనుకున్నాను. మర్నాడు రాస్తారోకో వల్ల నేనే ఆఫీసుకు రాలేదు. ఆ తర్వాత రోజు మర్చిపోయినట్టు నటించాను. నటించింది ఎవరి ముందు అంటే, నా ముందే.

రెండు వారాల తర్వాత క్లయింటు దగ్గర నుంచి ఒక మెయిల్ వచ్చింది. డైరెక్టు ఫైళ్ళలో కొన్ని వాళ్ళు తీసి చూశారు. ఆ గుండె డాక్టరు ఫైళ్ళలోనే ఇంటెన్సివ్ మూడు చోట్ల ఉంది. తన సంతకం ఉన్న రికార్డులో తాను అనని మాట ఎలా వచ్చిందని ఆ డాక్టరు అడిగాడట. రోజూ అందరూ అనే మాటనే సరిగ్గా రాయలేనివాళ్ళు మందు పేర్లు సరిగ్గా రాస్తారని ఎలా నమ్మాలి అని చివర్లో క్లయింటు ఒక వాక్యం రాశాడు. ఆ వాక్యం అన్యాయమని నాకు తెలుసు. మందు పేరు ఆమె ఒక్కటి కూడా తప్పు రాయలేదు. కానీ అది చెప్పాల్సింది షీటు, షీటులో ఏమీ లేదు.

మేనేజరు మా ఇద్దరినీ అద్దాల గదిలోకి పిలిచాడు. టేబుల్ మీద ఒక పక్క మెయిల్, ఇంకో పక్క నేను సంతకాలు పెట్టిన ఆరు నెలల షీట్లు. ఆయనకు అర్థం కావట్లేదు. ఆరు నెలలు ఒక్క తప్పు లేని పిల్ల రెండు వారాల్లో ఇన్ని తప్పులు ఎట్లా రాస్తుంది? ఆ ఆరు నెలలూ ఇంకెవరైనా కూర్చుని టైపు చేశారా అని అడిగాడు. లేకపోతే డైరెక్టయ్యాక నిర్లక్ష్యమా అన్నాడు. సోయి పని మీద ఉందా, కింద ఊరేగింపుల మీద ఉందా అని కూడా అన్నాడు. ఆమె ఒక్క ఊరేగింపుకూ పోలేదు. పోవాలని ఉన్నా పోలేదు, పని పోతుందని.

ఆమె ఏడవలేదు. మెయిల్ వైపు చూస్తూ నెమ్మదిగా చెప్పింది.

"సార్, నేను మొదటి నుంచి గిట్లనే రాస్తున్న. గిది తప్పని నాకెర్క లేదు. ఎవ్వలు చెప్పలె."

ఆ తర్వాత నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, అడగడం ఉంది. ఆమె నన్ను ఇంకా తన పక్షమే అనుకుంటోంది. నేను వెంటనే నోరు తెరిచి ఉంటే బాగుండేది. తెరవలేదు. నా ఉద్యోగం గురించి ఆలోచించాను. నిజం చెప్పాలి కదా, అదే ఆలోచించాను. అప్పుడు మేనేజరు నన్ను పేరు పెట్టి పిలిచి, మేడం, మీరేమంటారు అన్నాడు. ఇక తప్పించుకునే దారి లేక చెప్పాను. ఆమె మొదటి నుంచీ అలాగే రాస్తోంది, నేనే సరిచేసి పంపాను, షీటులో రాయలేదు, పాత ఫైళ్ళన్నీ కంప్యూటర్లో ఆమె టైపు చేసినట్టే ఉంటాయి, తీసి చూసుకోండి అన్నాను. ఎందుకు రాయలేదు అంటే, బాధపడుతుందని అన్నాను. ఆ మాట పైకి విన్నాక ఎంత చిన్నగా ఉందో నాకే తెలిసింది.

మెట్ల మీద ఆమె వెనకాలే పోయాను. క్షమించు అనడానికి మాట కూడబలుక్కుంటున్నాను. ఆమే ఆగింది.

"మా ఇంట్ల డిజైన్ల ఒక్క పోగు జరిగినా మా నాయిన మగ్గం మీదున్నప్పుడే చెప్పేటోడక్కా. మా అమ్మ మీద కూడ ఒర్రేటోడు. అప్పుడైతే ఇప్పి మళ్ళ సదురుకోవచ్చు. చీర కోసినంక చెప్తే ఏం ఫాయిదా?"

తిట్టినా బాగుండేది. ఆమె తిట్టలేదు, వివరించింది.

ముందే చెప్పేస్తాను, ఆ అమ్మాయి ఉద్యోగం పోలేదు. నేను చెప్పిన నిజం ఆ మేరకు పనికొచ్చింది. మేనేజరు పాత ఫైళ్ళు తీయించి చూసి, ఇది మోసం కాదని తేల్చుకున్నాడు. క్లయింటుకు ఏదో సర్దిచెప్పాడు. డైరెక్టు తీసేసి, ఒక నెల మళ్ళీ ఎడిటర్ కింద పని చేయమన్నాడు. ఆ నెలలో నిలబడితే కాగితం, లేకపోతే ఇంటికి. నాకు ఒక మెమో ఇచ్చాడు. అది ఎక్కడ పెట్టానో ఇప్పుడు గుర్తు లేదు కానీ, ఇచ్చినందుకు ఆయన మీద నాకు కోపం రాలేదు.

అప్పుడు నేను చేయగలిగింది ఒకటే అనిపించింది. రెండు రోజులు కూర్చుని, ఆరు నెలల ఫైళ్ళు, ఆమె టైపు చేసినవీ నేను సరిచేసినవీ పక్కపక్కన తెరిచి, ప్రతి షీటూ కొత్తగా నింపాను. ఏ తప్పు, ఎన్నిసార్లు, చెవికి ఎలా వినపడుతుంది, కంటికి ఎలా కనపడాలి, అర్థమేంటి. చిత్రమేంటంటే అన్నీ కలిపి పట్టుమని ఇరవై మాటలు కూడా లేవు. అవే మళ్ళీ మళ్ళీ. మొదటి వారంలో ఒక్కో మాటకు రెండు నిమిషాలు పెట్టి చెప్పి ఉంటే అంతటితో అయిపోయేది. ఆ ఇరవై మాటలూ ఒక లాంగ్ నోట్‌బుక్‌లో పెద్ద అక్షరాలతో రాసి, ఆమె టేబుల్ మీద పెట్టాను. ఆమె తెరిచి, నిలబడే మొదటి పేజీ చదివింది. ఇంటెంట్స్ అన్న మాట కింద వేలు పెట్టి, పెదాలు కదిలించి, మెల్లగా రెండుసార్లు అనుకుంది. ఇన్ని దినాలు కంటితో చూడనేలేదక్కా ఈ మాట అంది. నోట్‌బుక్ సంచిలో పెట్టుకుంది.

ఆ నెల ఆమెను నా కిందే వేయమని నేనే మేనేజరును అడిగాను. నేను పాడుచేసింది నేనే బాగుచేయాలనుకున్నాను. ఈసారి ఒక్క కామా కూడా వదలను, రోజూ సాయంత్రం కూర్చోబెట్టి చెబుతాను అన్నాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, ఆ అమ్మాయి నిన్ననే వచ్చి అడిగిందమ్మా, ఆయన కింద వేయమంది అన్నాడు. ఆయనంటే మా దగ్గర ఉన్న ఇంకో ఎడిటర్, భీమవరం మనిషి. షీటు మొత్తం ఎర్రగా చేసి, హాలు అంతా వినపడేలా చదివి వినిపించేవాడు. ఆయన కింద పనిచేసి ఏడవనివాళ్ళు లేరు. యాసలు, ప్రాంతాలు ఆయనకు పట్టవు, అందరినీ ఒకేలా తిట్టేవాడు. నేను పొరపాటేమో, ఆమెకు ఆయన సంగతి తెలియదేమో అనుకున్నాను.

భోజనాల వేళ పక్కన కూర్చుని అడిగాను. ఆయన నోరు మంచిది కాదు, అందరి ముందూ అంటాడు, తట్టుకోలేవు, నా దగ్గరికే వచ్చేయమన్నాను. ఆమె నా డబ్బాలోంచి పచ్చడి తీసుకుని, తన డబ్బాలోంచి సగం జొన్నరొట్టె తుంచి నాకు పెట్టింది. నా మీద మనసులో ఏమీ పెట్టుకోలేదని అర్థమయ్యేలానే పెట్టింది. ఆ తర్వాత, చాలా మెత్తగా, నాకు నొప్పి తగలకుండా చూసుకుంటూ చెప్పింది.

"ఆయన తిడ్తడు, నాకెర్కే. మీ మనసు మంచిదక్కా. కానీ మీ దగ్గరుంటే నాకు పని రాదు."

మంచినీళ్ళ సీసా కూడా ఆమే నా వైపు జరిపింది. ఆ మాట నాకు ఆరు నెలల ముందు ఎవరైనా చెప్పి ఉంటే అనుకున్నాను. అవతల హాల్లో ఆయన గొంతు గట్టిగా వినపడుతోంది, ఎవరి ఫైల్లోనో తప్పు చదువుతున్నాడు. ఆమె డబ్బా కడుక్కుని, హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని, అటే నడిచి వెళ్ళింది.